పైలట్‌లో ఎంట్రీలు కొట్టింది మా వాళ్లే: విఫలమైన ప్రాజెక్టు మీద ఒక పోస్టు రాయడం

2022 నవంబరు ఆఖరులో మా ప్రాజెక్టు ఆగిపోయింది. దాని గురించి లింక్డిన్‌లో పోస్టు పెట్టింది మాత్రం 2023 మార్చిలో. ఈ మధ్యలో ఆ పోస్టును మూడుసార్లు రాశాను. మొదటి రెండు చిత్తుప్రతులూ ఇంకా నా ఫోన్‌లోనే ఉన్నాయి. అవి ఎందుకు పనికిరాలేదో, మూడోది ఎందుకు పనికొచ్చిందో చెప్పాలంటే ముందు ప్రాజెక్టు గురించి చెప్పాలి. ఎందుకంటే తేడా అంతా భాషలో ఉందని మొదట అనుకున్నాను గానీ, అసలు ఏం జరిగిందో నాకే పూర్తిగా అర్థం కాకముందు రాయడం వల్లే మొదటి రెండూ చెడిపోయాయి.

మేము చేసింది పాల సేకరణ కేంద్రాల కోసం ఒక మొబైల్ యాప్. పొద్దున ఆరింటికి కేంద్రం తెరుస్తారు. రైతులు పాలు తెస్తారు. తూకం వేస్తారు, చిన్న శాంపిల్ తీసి ఎనలైజర్‌లో పెడతారు. వెన్న శాతం, వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతమైన ఎస్‌ఎన్‌ఎఫ్ వస్తాయి. సెక్రటరీ వాటిని రైతు కోడ్ పక్కన రిజిస్టర్‌లో రాస్తాడు. పదిహేను రోజులకోసారి ఆ లెక్కల మీదే బిల్లు వస్తుంది. రిజిస్టర్ బదులు యాప్‌లో ఎంట్రీ వేస్తే లెక్క అదే కడుతుంది, రైతు ఫోన్‌కు మెసేజ్ వెళ్తుంది, బిల్లు తొందరగా తయారవుతుంది. మా ఆలోచన అదీ. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో సేవ్ అయి తర్వాత సర్వర్‌కు వెళ్లేలా కట్టాం. యాప్ బాగానే పనిచేసింది. ఈ మాట నేను సర్దిచెప్పుకోవడానికి అనడం లేదు, అసలు పాఠం అక్కడే ఉంది కాబట్టి అంటున్నాను.

ఎనిమిది కేంద్రాల్లో ఆరు వారాలు పరీక్షగా పైలట్ నడిపాం. ప్రతి కేంద్రంలో మా ఫీల్డ్ స్టాఫ్ ఒకరు ఉన్నారు. దాదాపు అన్ని ఎంట్రీలూ ఏ పూటవి ఆ పూటే పడ్డాయి. ఆ రిపోర్టు చూసి ఆగస్టులో 96 కేంద్రాలకు పెంచాం. పెంచమని క్లయింట్‌కు చెప్పింది నేను. సెప్టెంబరు రెండో బిల్లుకు లెక్కలు తేడా వచ్చాయి. ఒకరి పాలు ఇంకొకరి ఖాతాలో పడ్డాయి. క్లయింట్ ఆఫీసు వాళ్లు రిజిస్టర్లు తెప్పించుకుని చేత్తో సరిచూడాల్సి వచ్చింది. ఆ బిల్లు ఐదు రోజులు ఆలస్యమైంది. తర్వాత రెండు నెలలు సరిదిద్దడానికి చూశాం, కుదరలేదు.

మొదటి చిత్తుప్రతి ప్రాజెక్టు ఆగిన వారానికే రాశాను. ఇలా మొదలవుతుంది: "ఈ ఏడాది నా జీవితంలో చాలా కష్టమైన కాలం. రాత్రుళ్లు నిద్ర లేదు. ఎంతో ప్రేమతో కట్టిన ప్రాజెక్టు కళ్లముందే కూలిపోయింది." పోస్టు పెట్టకముందు పాత ఆఫీసులో నాకు లీడ్‌గా ఉన్న ఆవిడకు పంపాను. ఆవిడ జవాబు: "ధైర్యంగా ఉండు. ఇవన్నీ మామూలే. ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే ఫోన్ చెయ్యి." ఆ మాటలు నాకు ఆ పూట నిజంగా సాయం చేశాయి. కానీ ముప్పై ఏళ్లుగా ప్రాజెక్టులు నడిపిన మనిషి నా పోస్టు చదివి ప్రాజెక్టు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగడానికి అందులో ఏమీ లేదు. నేను రాసింది ఓదార్పు అడిగే ఉత్తరం. అలాంటి ఉత్తరం ఒక స్నేహితురాలికి రాయాలి, పంపాలి కూడా. తోటి పనివాళ్లు వేలమంది చదివేచోట పెడితే, చదివినవాళ్లకు మిగిలే పని మనల్ని ఓదార్చడం ఒక్కటే.

ఇంకొకటి కూడా నన్ను ఆపింది. ఆ ఐదు రోజులు బిల్లు రాక ఇబ్బంది పడింది రైతులు. దాణా కొట్టులో బాకీ పెట్టుకున్నది వాళ్లు. నిద్ర పట్టలేదని నేను రాసిన పోస్టులో వాళ్లు ఎక్కడా లేరు. పోస్టులో జాలి ఎక్కువైందా లేదా అని చూడటానికి అప్పటినుంచీ నేను అడుగుతున్న ప్రశ్న ఇదే: ఈ వైఫల్యానికి డబ్బుతోనో టైంతోనో మూల్యం చెల్లించింది ఎవరు, వాళ్లు ఇందులో ఎన్నో వాక్యంలో వచ్చారు? నా మొదటి చిత్తుప్రతిలో వాళ్లు అసలు రాలేదు.

రెండోది జనవరిలో రాశాను, ఈసారి దానికి నేరుగా ఎదురు దిక్కుకు వెళ్లి. "ఈ ప్రాజెక్టు నుంచి నేర్చుకున్న ఐదు పాఠాలు" అని పెట్టాను. యూజర్ మాట వినండి, చిన్నగా మొదలుపెట్టండి, టీమ్‌తో తరచూ మాట్లాడండి, ఇంకా అలాంటివి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ ఐదూ ఏ ప్రాజెక్టు కింద పెట్టినా అతుకుతాయి. పెళ్లి భోజనాల ఏర్పాటు చెడినా అవే పాఠాలు రాయొచ్చు. నిజానికి మేము చిన్నగానే మొదలుపెట్టాం, ఎనిమిది కేంద్రాలతో. యూజర్ మాట కూడా విన్నాం, వాళ్లు అడిగిన అక్షరాల సైజు పెంచాం. అంటే నేను రాసిన పాఠాలు పాటించి కూడా ఓడిపోయాం. అలాంటప్పుడు అవి పాఠాలెలా అవుతాయి?

అప్పుడు పోస్టు పక్కన పెట్టి డేటా తీశాను. ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, పెద్దదేం కాదు.

ఒక మాదిరి కేంద్రానికి పొద్దున గంటన్నరలో 75 మంది పాలు పోస్తారు. అంటే మనిషికి 72 సెకన్లు. ఎనలైజర్‌కు ఒక శాంపిల్ చూడటానికి 40 సెకన్లు పడుతుంది. రిజిస్టర్‌లో రాయడానికి 10 సెకన్లు. మొత్తం 50, క్యూ సాఫీగా నడుస్తుంది. యాప్‌లో అయితే కోడ్ వెతకాలి, లీటర్లు, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ వేయాలి, సేవ్ అయ్యేదాకా చూడాలి. తడి చేతులతో, ఎదురుగా మనిషి నిలబడి ఉండగా, 35 సెకన్లు. 40కి 35 కలిపితే 75. మనిషికి 25 సెకన్లు ఎక్కువ. 75 మందికి అది అరగంట దాటుతుంది, మొత్తం పని గంటన్నరలో తేలదు. పాల వ్యాన్ మాత్రం ఏడున్నరకే వస్తుంది, ఆగదు. క్యాన్లు దాంట్లో ఎక్కకపోతే పాలు విరుగుతాయి.

కాబట్టి సెక్రటరీలు చేయాల్సిందే చేశారు. పొద్దున రిజిస్టర్‌లో రాసుకున్నారు. వ్యాన్ వెళ్లాక, టిఫిన్ చేశాక, మధ్యాహ్నం కూర్చుని రిజిస్టర్ చూస్తూ యాప్‌లో ఎక్కించారు. పని రెండింతలైంది. ఎదురుగా మనిషి లేడు కాబట్టి కోడ్ 27 బదులు 72 పడినా ఎవరూ చూడలేదు. బిల్లుల్లో తేడా వచ్చింది ఇందువల్లే.

మరి పైలట్‌లో ఇది ఎందుకు కనపడలేదు? పైలట్‌లో ఎంట్రీలు కొట్టింది సెక్రటరీలు కాదు. పక్కన నిలబడ్డ మా ఫీల్డ్ స్టాఫ్. సెక్రటరీ తూకం చూస్తుంటే మావాడు ఫోన్ పట్టుకుని ముందే కోడ్ కొట్టి ఉంచేవాడు. ఇద్దరు మనుషులు చేసిన పనిని కొలిచి, ఒక్క మనిషి చేయగలడని నేను రిపోర్టు రాశాను. 96 కేంద్రాలకు వెళ్లినప్పుడు ఆ రెండో మనిషి లేడు.

ఇది డేటాలో కనపడుతుంది. పెంచిన మొదటి వారంలోనే చూసుంటే తెలిసేది. ఒక రోజు పొద్దుటి పూట ఎంట్రీల్లో మొదటిది, ఆఖరిది ఒక్కో కేంద్రంలో ఎప్పుడు పడ్డాయో డేటాబేస్‌ను అడిగే చిన్న క్వెరీ, నేను చివరికి పోస్టులో పెట్టింది, ఇదీ:

```sql
SELECT centre_id,
       MIN(saved_on_phone) AS first_entry,
       MAX(saved_on_phone) AS last_entry,
       COUNT(*) AS entries
FROM collections
WHERE shift = 'M' AND milk_date = '2022-08-24'
GROUP BY centre_id;
```

ఒక కేంద్రంలో మొదటి ఎంట్రీ 11:40కి, ఆఖరిది 12:05కి, మొత్తం 75. పాలు పోసింది ఆరింటికి. 25 నిమిషాల్లో 75 అంటే ఒక్కోటి 20 సెకన్లు. ఎనలైజర్‌కే 40 సెకన్లు కావాలి కదా, కాబట్టి ఈ ఎంట్రీలు పాల పక్కన నిలబడి కొట్టినవి కావు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఈ టైము ఫోన్‌లో సేవ్ చేసినప్పటిది కావాలి. సర్వర్‌కు చేరిన టైము చూస్తే సిగ్నల్ లేని ఊళ్లన్నీ ఇలాగే కనిపిస్తాయి, ఎందుకంటే సిగ్నల్ వచ్చాక అన్నీ ఒకేసారి చేరతాయి. మా డాష్‌బోర్డు సర్వర్ టైమే చూపించేది. అందుకే మధ్యాహ్నం గుంపుగా పడ్డ ఎంట్రీలు చూసి నేను "సిగ్నల్ సమస్య" అనుకుని వదిలేశాను.

ఆ ఒక్క వాక్యం దొరికాకే మూడో చిత్తుప్రతి మొదలైంది. నిజాయితీ అంటే నేనెంత బాధపడ్డానో దాచకుండా చెప్పడం అని మొదట అనుకున్నాను. కాదు. ఏ రోజు, ఏ అంకె చూసి, ఏమనుకుని, ఏ నిర్ణయం తీసుకున్నానో చెప్పడం. "గుంపుగా పడ్డ ఎంట్రీలు చూశాను, సిగ్నల్ అనుకున్నాను" అని రాయడం "నాది ఘోరమైన తప్పు" అని రాయడం కంటే చాలా కష్టంగా అనిపించింది. రెండోది రాస్తే మనుషులు "అలా అనుకోవద్దు" అంటారు. మొదటిది రాస్తే "అప్పుడు ఎందుకు చూడలేదు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న రావాలి. మొత్తం నిందను నెత్తిన వేసుకోవడం కూడా జాలి అడగడమే, ఇంకో దారిలో. పైగా అది కారణాన్ని కప్పేస్తుంది. నేను చెడ్డదాన్ని కాబట్టి ప్రాజెక్టు చెడిందంటే, చదివేవాళ్లు తాము మంచివాళ్లే కదా అనుకుని ముందుకు వెళ్లిపోతారు. పైలట్‌లో ఎవరి చేయి ఫోన్ మీద ఉందో చూసుకోరు.

ఆ నిర్ణయం అప్పట్లో ఎందుకు సబబుగా అనిపించిందో కూడా రాయాలి. అయిపోయాక చూస్తే అన్నీ స్పష్టంగానే ఉంటాయి. కానీ నిజంగానే ఆ ఊళ్లలో సగం చోట్ల సిగ్నల్ సరిగా ఉండేది కాదు. నేను అనుకున్నది వెర్రి ఊహ కాదు, తప్పయిన ఊహ. ఈ మాట చెప్పకపోతే చదివేవాళ్లు "అంత గుడ్డిగా మేం ఉండం" అనుకుంటారు.

ఇక భాష. తెలుగులో రాయడం వల్ల ఒక సంగతి బాగా కనపడింది. పోస్టు తెలుగులోనే ఎందుకంటే, జిల్లాల్లో ఇలాంటి యాప్‌ల వెంట తిరిగే ఫీల్డ్ సూపర్వైజర్లకు అది చేరాలి. రెండో చిత్తుప్రతిలో క్రియలు వరుసగా చూశాను: "పొరపాటు జరిగింది", "లెక్కలు తేడా వచ్చాయి", "తొందరపాటు అయింది", "గమనించడం కుదరలేదు". చేసినవాళ్లు ఎక్కడా లేరు. గ్లాసు పగిలింది అన్నా తెలుగే, గ్లాసు పగలగొట్టాను అన్నా తెలుగే. మన నోటికి ముందు వచ్చేది మాత్రం మొదటిది. అన్నిచోట్లా అది తప్పు కాదు. ఈ వ్యాసం మొదట్లో ప్రాజెక్టు "ఆగిపోయింది" అన్నాను. దాన్ని ఆపింది నేను కాదు కాబట్టి అక్కడ అది సరిపోతుంది. నిర్ణయం నాదైన చోట మాత్రం "పెంచమని చెప్పాను" అనే ఉండాలి.

అలాగే "మనం", "మేము". రెండో చిత్తుప్రతిలో "మనం చాలాసార్లు యూజర్‌ను మర్చిపోతాం" అని రాశాను. చదివేవాళ్లు ఏం చేశారని వాళ్లను కూడా నాతో కలిపేశాను? "మేము" అంటే టీమ్. యాప్ కట్టింది మేము. కానీ రిపోర్టు రాసింది "మేము" కాదు, నేను. మూడోసారి రాసేటప్పుడు ప్రతి వాక్యంలో ఈ మూడింట్లో ఏది నిజమో చూసుకుంటూ మార్చాను. పోస్టులో "నేను" నాలుగుచోట్ల మాత్రమే మిగిలింది, నాలుగూ నిర్ణయాలే. మొదటి చిత్తుప్రతిలో ఇంతకంటే చాలా ఎక్కువ ఉన్నాయి, అన్నీ బాధలే.

ఈ పద్ధతికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే వెబ్‌సైటు. 2017 జనవరి 31న వాళ్ల ఇంజినీరు ఒకరు రెండో సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ సర్వర్‌లో ఫోల్డర్ తుడిచేశారు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. వాళ్లు తర్వాత ప్రచురించిన రిపోర్టులో ఆ ఇంజినీరు మీద ఒక్క నింద లేదు, కంపెనీ మీద జాలీ లేదు. ఉన్నదేమిటంటే, బ్యాకప్‌లు చాలాకాలంగా విఫలమవుతున్నాయని. డేటాబేస్ 9.6 వెర్షన్ అయితే బ్యాకప్ తీసే `pg_dump` 9.2 వెర్షన్‌ది నడుస్తోంది, అందుకని ఆగిపోయేది. ఆగినప్పుడల్లా మెయిల్ వెళ్లాలి, కానీ ఆ మెయిల్స్‌ను మెయిల్ సర్వరే తిప్పికొట్టేది, అందుకని ఎవరికీ తెలియలేదు. అది చదివిన ఎవరైనా వెంటనే చేయగల పని ఒకటుంది: బ్యాకప్ విఫలమైతే నాకు మెయిల్ నిజంగా వస్తుందా అని చూసుకోవడం. నేను అప్పట్లో అది చదివి మా సర్వర్‌లో చూశాను. విఫలమైన పని గురించి రాసింది ఉపయోగపడిందని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి కొలత తెలియదు.

పోస్టు పెట్టేముందు ఇద్దరికి చూపించాలి. ఒకటి ఆఫీసు. క్లయింట్ పేరు, జిల్లా, బిల్లు మొత్తాలు తీసేశాను. కేంద్రాల సంఖ్య ఉంచడానికి మేనేజర్ దగ్గర మెయిల్‌లో అనుమతి తీసుకున్నాను. ఒప్పందంలో రహస్యం పాటించాలని ఉంటే కథ ఎంత మంచిదైనా అది కుదరదు. సెకన్ల లెక్కా, క్వెరీ మాత్రం ఎవరి రహస్యమూ కావు. పాఠమంతా వాటిలోనే ఉంది.

రెండోది, కథలో ఉన్న మనిషి. పైలట్ మూడో వారంలో మా ఫీల్డ్ కుర్రాడు ఒకడు నాతో, "మేడం, నేను లేని రోజు వాళ్లు రిజిస్టర్‌లోనే రాస్తున్నారు" అన్నాడు. నేను "కొత్తలో అలాగే ఉంటుంది, అలవాటవుతుంది" అన్నాను. ఈ మాట లేకుండా పోస్టు నిజం కాదు. కానీ ఆ మాట చదివితే మా టీమ్‌లో అందరికీ ఆ కుర్రాడెవరో తెలిసిపోతుంది. ఫోన్ చేసి చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అది ఉంచండి మేడం. కానీ నేను హెచ్చరించాను అని రాశారు కదా, అది తీసేయండి. నాకు అప్పుడు అది అంత పెద్ద సంగతని తెలియదు. ఊరికే చెప్పాను" అన్నాడు. అతన్ని హీరోను చేసి నన్ను నేను మరింత తగ్గించుకోబోయాను, అది కూడా అబద్ధమే. "హెచ్చరించాడు" తీసి "చెప్పాడు" అని పెట్టాను.

పోస్టు మొదటి రెండు లైన్లు ఇలా కుదిరాయి: "పాల కేంద్రాల యాప్‌ను 8 చోట్ల పరీక్షించి 96 చోట్లకు పెంచమని చెప్పాను. పరీక్షలో ఎంట్రీలు కొట్టింది సెక్రటరీలు కాదు, మా స్టాఫ్." లింక్డిన్‌లో మొదటి కొన్ని లైన్లే పైకి కనపడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. నొక్కనివాళ్లకు కూడా అసలు సంగతి చేరాలనుకున్నాను. తర్వాత సెకన్ల లెక్క, రైతులకు ఐదు రోజుల ఆలస్యం, సిగ్నల్ అనుకున్న సంగతి, క్వెరీ. ఆఖరున ఇది ఎక్కడ వర్తించదో ఒక వాక్యం: క్యూ లేని పనికి, అంటే ఇంటికెళ్లి తీరిగ్గా సర్వే చేసే యాప్‌లకు, ఈ 25 సెకన్లు సమస్య కాకపోవచ్చు.

నన్ను ఓదారుస్తూ వచ్చిన కామెంట్లు రెండే. విత్తనాల డీలర్ల యాప్ చేస్తున్న ఒకాయన, తమ పైలట్‌లో లాగిన్లు ఎవరివో ఆ సాయంత్రమే చూశానని, సగం తమ ట్రైనర్లవేనని రాశారు. పాత లీడ్ ఆవిడ ఈసారి మూడు ప్రశ్నలు అడిగారు. ఎనలైజర్ నుంచి ఫోన్‌కు నేరుగా వైరు ఎందుకు పెట్టలేదన్నది అందులో ఒకటి. రెండో దశలో చేద్దామని వాయిదా వేశాం. దానికి కూడా కామెంట్లలోనే జవాబిచ్చాను.

రెండు వారాల తర్వాత ఒక కేంద్రం సెక్రటరీ ఫోన్ చేశారు. ఎవరో ఆయనకు పోస్టు వాట్సాప్‌లో పంపారట. "బాగా రాశావమ్మా. కానీ, యాప్ నెమ్మదిగా ఉందని సెక్రటరీలు మాకు చెప్పలేదు అని రాశావు. నేను ట్రైనింగ్ రోజునే చెప్పాను. వ్యాన్ టైముకు ఇది కుదరదని అందరి ముందూ అన్నాను. నువ్వు అప్పుడు ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్లావు" అన్నారు. నాకు గుర్తు లేదు. ఆ రోజు ఉన్న ఇంకో ఇద్దరిని అడిగాను, నిజమే. ఆ వాక్యం కొట్టేశాను. "ఒక సెక్రటరీ ట్రైనింగ్ రోజే చెప్పారు, నేను వినలేదు" అని రాసి, మార్చినట్టు కింద తేదీ వేశాను.